టర్మ్ షీట్‌లో లిక్విడేషన్ ప్రిఫరెన్స్, వాల్యుయేషన్ క్యాప్: మీ చేతికి ఎంత వస్తుందో లెక్కేసి చూద్దాం

ప్రశ్న: మేం ఇద్దరం స్నేహితులం. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. పోయినేడాది మా కాలేజీ సీనియర్ ఒకాయన ఐసేఫ్ కింద 50 లక్షలు పెట్టారు. అందులో వాల్యుయేషన్ క్యాప్ 5 కోట్లు, డిస్కౌంట్ 20 శాతం అని ఉంది. ఇప్పుడు ఒక ఫండ్ 12 కోట్ల ప్రీ-మనీ మీద 3 కోట్లు ఇస్తామని టర్మ్ షీట్ పంపింది. దాంట్లో "వన్ ఎక్స్ పార్టిసిపేటింగ్ లిక్విడేషన్ ప్రిఫరెన్స్" అని రాశారు. ఇంగ్లీషు చదివితే అర్థమైనట్టే ఉంటుంది, కానీ రేపు కంపెనీ అమ్మితే మాకెంత మిగులుతుందో తేలడం లేదు. సంతకం పెట్టేయొచ్చా సార్?

జవాబు:

ఇప్పుడే పెట్టకండి. రెండు చోట్ల మార్పు అడిగి, అవి రాతలోకి వచ్చాక పెట్టండి. మొదటిది, "పార్టిసిపేటింగ్" అన్నచోట "నాన్-పార్టిసిపేటింగ్" అని రావాలి. రెండోది, మీ సీనియర్‌గారి ప్రిఫరెన్స్ ఆయన పెట్టిన 50 లక్షలకే పరిమితం అని స్పష్టంగా ఉండాలి. ఈ రెండో విషయం మీ టర్మ్ షీట్‌లో బహుశా ఎక్కడా కనపడదు. క్యాప్ ఒక కాగితంలో, ప్రిఫరెన్స్ ఇంకో కాగితంలో ఉంటాయి కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. నా దగ్గరికి వచ్చే కొత్త ఫౌండర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు క్యాప్ సంగతి. మీ సీనియర్‌గారు డబ్బిచ్చినప్పుడు కంపెనీకి విలువ కట్టలేదు. ఐసేఫ్ ఉన్నదే అందుకు. అమెరికాలో వై కాంబినేటర్ 2013లో తెచ్చిన సేఫ్‌ని మన చట్టానికి తగ్గట్టు మార్చి 100ఎక్స్.విసి 2019లో ఐసేఫ్‌గా తెచ్చింది. మన దగ్గర ఇది చట్టం దృష్టిలో సిసిపిఎస్, అంటే తప్పనిసరిగా షేర్లుగా మారాల్సిన ప్రిఫరెన్స్ షేరు. ఎన్ని షేర్లుగా మారాలన్నది తర్వాతి రౌండ్‌లో తేలుతుంది. అప్పుడు కంపెనీ విలువ ఎంత పెరిగినా సరే, ఆయన షేరు ధర లెక్కకట్టేటప్పుడు 5 కోట్లు దాటి చూడకూడదని పెట్టుకున్న పైహద్దే క్యాప్. కాబట్టి క్యాప్ అంటే మీ కంపెనీ విలువ కాదు. "మా వాల్యుయేషన్ 5 కోట్లు" అని చెప్పుకునే ఫౌండర్లు చాలామంది ఉన్నారు. ఒకవేళ ఈ ఫండ్ 12 కోట్లకి బదులు 4 కోట్లే కట్టి ఉంటే ఆ 5 కోట్లకి పనే ఉండేది కాదు. ఆ 4 కోట్ల ధరలో 20 శాతం డిస్కౌంట్ తీసి ఆయనకి షేర్లిచ్చేవాళ్లు.

మీ లెక్క వేద్దాం. మీ ఇద్దరికీ కలిపి 90,000 షేర్లున్నాయనుకోండి. ఉద్యోగుల కోసం కేటాయించే షేర్లు, అంటే ఈసాప్ పూల్, ప్రస్తుతానికి పక్కన పెడతాను, లేకపోతే లెక్క చిక్కుపడుతుంది.

క్యాప్ పోస్ట్-మనీ అయితే, అంటే ఆయన 50 లక్షలు కూడా కలిసిన విలువ మీద అయితే, 5 కోట్లలో 50 లక్షలు అంటే 10 శాతం. ఆయనకి 10,000 షేర్లు, ఒక్కోటి 500 రూపాయలకి. ఇప్పుడు మొత్తం లక్ష షేర్లయ్యాయి. ఫండ్ 12 కోట్ల ప్రీ-మనీ అంటోంది, అంటే తన డబ్బు రాకముందు కంపెనీ విలువ అది, కాబట్టి ఫండ్‌కి షేరు ధర 1,200. 3 కోట్లకి 25,000 షేర్లు వస్తాయి. మొత్తం 1,25,000 షేర్లలో మీ ఇద్దరిది 72 శాతం, సీనియర్‌గారిది 8, ఫండ్‌ది 20.

మరి డిస్కౌంట్ ఏమైంది? 1,200లో 20 శాతం తీస్తే 960. క్యాప్ ప్రకారం 500. సాధారణంగా రెంటిలో ఏది తక్కువైతే ఆ ధరకే షేర్లిస్తారు, కాబట్టి 500. రెండూ కలిపి, అంటే 500 మీద మళ్లీ 20 శాతం తగ్గించి ఇవ్వాలని ఎక్కడైనా రాసి ఉందేమో మాత్రం ఒకసారి చూసుకోండి. అలా రాసిన కాగితాలు అరుదుగానే అయినా ఉంటాయి.

క్యాప్ ప్రీ-మనీయా, పోస్ట్-మనీయా అన్నది కూడా చూడండి. ప్రీ-మనీ అయితే 5 కోట్లని మీ 90,000 షేర్లతోనే భాగిస్తారు. ధర 555 రూపాయల చిల్లర అవుతుంది, ఆయనకి 9,000 షేర్లే వస్తాయి. ఒక్కరే ఉన్నప్పుడు ఈ తేడా చిన్నది. పోస్ట్-మనీ క్యాప్ మీద ఇంకో ఇద్దరు ముగ్గురి దగ్గర ఐసేఫ్ తీసుకుంటే మాత్రం ఒకరి వాటా ఇంకొకరిది తగ్గించదు. అందరిదీ కలిపి మీ ఇద్దరి వాటాలోంచే పోతుంది. ఇంకొకాయన కూడా ఇదే షరతు మీద 50 లక్షలు పెట్టి ఉంటే, ఫండ్ రాకముందే మీది 80 శాతానికి దిగేది.

ఇక లిక్విడేషన్ ప్రిఫరెన్స్. పేరులో లిక్విడేషన్ అని ఉంది కదా అని కంపెనీ మూతపడితేనే ఇది వర్తిస్తుందని అనుకుంటారు. నిజంగా దివాలా తీస్తే ఇన్‌సాల్వెన్సీ కోడ్ 53వ సెక్షన్ ప్రకారం కార్మికుల బకాయిలు, బ్యాంకులు, ప్రభుత్వ బకాయిలు, మిగతా అప్పులు అన్నీ తీరాకే ప్రిఫరెన్స్ షేర్లవాళ్ల వంతు వస్తుంది. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అప్పటికి పంచుకోవడానికి మిగిలేది పెద్దగా ఉండదు. ఈ క్లాజ్‌కి అసలు పని పడేది కంపెనీని ఇంకొకరు కొన్నప్పుడు. టర్మ్ షీట్‌లో "లిక్విడేషన్ ఈవెంట్" నిర్వచనం చదవండి. విలీనం, కంట్రోల్ మారడం, ఆస్తుల్లో అధిక భాగం అమ్మడం అన్నీ అందులోకి వస్తాయి. ఆ నిర్వచనంలో మామూలు ఫండింగ్ రౌండ్ లిక్విడేషన్ ఈవెంట్ కిందికి రాదని ఒక వాక్యం ఉండాలి. లేకపోతే అడిగి రాయించండి. పెద్ద రౌండ్‌లో కొత్త ఇన్వెస్టర్‌కి సగం పైన వాటా పోతే దాన్ని కూడా కంట్రోల్ మారడం అనొచ్చు.

క్లాజ్ సారాంశం ఒక్కటే. అమ్మిన డబ్బులోంచి ఇన్వెస్టర్ తన అసలు ముందు తీసుకుంటాడు. వన్ ఎక్స్ అంటే పెట్టినంత, టూ ఎక్స్ అంటే రెండింతలు. ఆ తర్వాత ఏం జరుగుతుందన్న దాని దగ్గరే పార్టిసిపేటింగ్, నాన్-పార్టిసిపేటింగ్ అని దారులు చీలతాయి. నాన్-పార్టిసిపేటింగ్ అయితే అసలైనా తీసుకోవాలి, వాటా అయినా తీసుకోవాలి, ఏది ఎక్కువైతే అది. పార్టిసిపేటింగ్ అయితే అసలూ తీసుకుంటాడు, మిగిలిన దాంట్లో వాటా కూడా తీసుకుంటాడు. ఇంగ్లీషు కాగితంలో ఇది తేల్చే మాటలు రెండే. "గ్రేటర్ ఆఫ్" లేదా "హయ్యర్ ఆఫ్" అని ఉంటే మొదటి రకం. "ప్లస్" అనో, "మిగిలిన మొత్తంలో యాజ్ కన్వర్టెడ్ బేసిస్ మీద పాల్గొంటారు" అన్న అర్థంలోనో ఉంటే రెండోది. హెడింగ్ నమ్మకండి. పైన నాన్-పార్టిసిపేటింగ్ అని పెట్టి కింద వాక్యంలో "ప్లస్" రాసిన టర్మ్ షీట్ నేను చూశాను.

మూడేళ్ల తర్వాత మీ కంపెనీని ఎవరో 6 కోట్లకి కొన్నారనుకుందాం. అప్పులు, ఖర్చులు పోను చేతికి 6 కోట్లు. సీనియర్‌గారికి ప్రిఫరెన్స్ 50 లక్షలే అనుకుందాం.

నాన్-పార్టిసిపేటింగ్ అయితే, ఫండ్ వాటా 20 శాతం అంటే కోటీ 20 లక్షలే, కాబట్టి అసలు 3 కోట్లు తీసుకుంటుంది. సీనియర్‌గారు 50 లక్షలు తీసుకుంటారు. మీ ఇద్దరికీ మిగిలేది రెండున్నర కోట్లు. 72 శాతం ఉంది కదా, 4 కోట్ల 32 లక్షలు వస్తాయని మీరు మనసులో వేసుకున్న లెక్క ఇక్కడే తప్పుతుంది.

పార్టిసిపేటింగ్ అయితే, ఇద్దరి అసళ్లూ మూడున్నర కోట్లు ముందు పోయాయి. మిగిలిన రెండున్నర కోట్లలో మళ్లీ ఫండ్‌కి 20 శాతం, ఆయనకి 8 శాతం. మీకు కోటీ 80 లక్షలు. 70 లక్షలు తగ్గింది.

"మేం 6 కోట్లకి అమ్మం సార్, 30 కోట్లయితేనే అమ్ముతాం" అంటారేమో. 30 కోట్లలో నాన్-పార్టిసిపేటింగ్ అయితే ఫండ్ అసలు వదిలేసి 6 కోట్ల వాటా తీసుకుంటుంది, సీనియర్‌గారు 2 కోట్ల 40 లక్షలు, మీకు 21 కోట్ల 60 లక్షలు. పార్టిసిపేటింగ్ అయితే ముందు మూడున్నర కోట్లు పోగా మిగిలిన ఇరవై ఆరున్నర కోట్లలో 72 శాతం, అంటే 19 కోట్ల 8 లక్షలు. రెండున్నర కోట్ల పైన తేడా. అమ్మకం ధర ఎంత పెద్దదైనా ఈ తేడా పోదు, ఎందుకంటే ఆ మూడున్నర కోట్లు ప్రతిసారీ ముందే బయటికెళ్తాయి. కంపెనీ చితికిపోయినప్పుడు ఇన్వెస్టర్ అసలు కాపాడుకోవడం న్యాయమే, దానికి నాకు అభ్యంతరం లేదు. బాగా అమ్ముడుపోయినప్పుడు కూడా అసలు విడిగా తీసుకోవడం ఏ రిస్క్‌కి పరిహారమో నాకు కనపడదు. మీరు ఫండ్‌తో మాట్లాడేటప్పుడు ఈ వాదనే పెట్టండి. వాళ్లు పూర్తిగా ఒప్పుకోకపోతే మధ్యేమార్గం ఉంది. పార్టిసిపేషన్‌కి పైహద్దు పెట్టించడం. అసలూ వాటా కలిపి పెట్టినదానికి రెండింతలు దాటకూడదని, దాటితే వాటా ఒక్కటే ఎంచుకోవాలని రాయించొచ్చు.

టూ ఎక్స్ మీద మాత్రం బేరానికి కూర్చోవద్దు. అదే 6 కోట్ల అమ్మకంలో ఫండ్‌కి రెండింతల అసలు అంటే 6 కోట్లు. ఫండ్‌కి మొదటి వరస ఉంటే మీకూ, మీ సీనియర్‌గారికీ సున్నా. పెద్ద కంపెనీల్లో కూడా ఇలా జరిగింది. అమెరికాలో ఫ్యాన్‌డ్యూయెల్ 2018లో ప్యాడీ పవర్ బెట్‌ఫెయిర్ చేతికి వెళ్లినప్పుడు కంపెనీకి కట్టిన విలువ 46.5 కోట్ల డాలర్లు. ప్రిఫరెన్స్ షేర్లవాళ్లకి ముందు దక్కాల్సిందే దాదాపు 55.9 కోట్ల డాలర్లు. ఫౌండర్లకి ఏమీ రాలేదు, కోర్టుకెక్కారు. అక్కడ రౌండ్ మీద రౌండ్ ప్రిఫరెన్స్ పేరుకుపోయింది. మీరు ఈ రౌండ్‌లో ఏం ఒప్పుకుంటారో తర్వాతి ఇన్వెస్టర్ దాన్నే మొదలుగా పెట్టుకుని అడుగుతాడు.

ఇప్పుడు క్యాప్, ప్రిఫరెన్స్ రెండూ కలిసే చోటుకి వద్దాం. మీ కాగితాల్లో నేను ముందుగా వెతికేది ఇదే.

సీనియర్‌గారి ఐసేఫ్ ఈ రౌండ్‌లో షేర్లుగా మారుతుంది. ఏ షేర్లుగా? చాలా డాక్యుమెంట్లలో తర్వాతి రౌండ్‌లో ఇన్వెస్టర్‌కి ఇచ్చే షేర్ల తరగతిలోకే మారతాయని ఉంటుంది. అంటే ఆయన 10,000 షేర్లూ, ఫండ్ 25,000 షేర్లూ ఒకే తరగతి. ఆ తరగతికి లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఎలా రాస్తారంటే, షేరుకి "ఒరిజినల్ ఇష్యూ ప్రైస్" చొప్పున అని. ఆ ధర 1,200. ఫండ్‌కి 25,000 షేర్ల మీద 3 కోట్లు, అది సరే. మీ సీనియర్‌గారికి 10,000 షేర్ల మీద 1,200 చొప్పున కోటీ 20 లక్షలు! ఆయన పెట్టింది 50 లక్షలు. ఎవరూ అడగకుండా, ఎవరూ ఒప్పుకోకుండా ఆయనకి 2.4 ఎక్స్ ప్రిఫరెన్స్ వచ్చేసింది.

6 కోట్ల అమ్మకంలో దీని ప్రభావం చూడండి. నాన్-పార్టిసిపేటింగ్ సాధించుకున్నారనే అనుకుందాం. ఫండ్‌కి 3 కోట్లు, ఆయనకి కోటీ 20 లక్షలు, మీకు కోటీ 80 లక్షలు. పార్టిసిపేటింగ్ తీసేయించి మిగుల్చుకున్న 70 లక్షలు ఈ దారిన పోయాయి. రెండూ కలిసొస్తే, అంటే ఇప్పుడున్న టర్మ్ షీట్‌కి ఈ పొరపాటు కూడా తోడైతే, మీకు దక్కేది కోటీ 30 లక్షలకి కొంచెం తక్కువ.

హైదరాబాద్‌లో క్లినిక్‌ల సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీ అమ్మకం పంపకాల లెక్క నా ముందుకి వచ్చినప్పుడు సరిగ్గా ఇదే బయటపడింది. ఇద్దరు ఏంజెల్స్ క్యాప్ మీద కన్వర్ట్ అయి, ఫండ్ తరగతిలోనే కూర్చున్నారు. పంపకం షీట్‌లో వాళ్ల పేర్ల ఎదుట వాళ్లు పెట్టినదానికి రెండింతల పైన అంకె చూసి ఫౌండర్ తప్పు పడిందన్నారు. తప్పేమీ లేదు, కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో అలాగే ఉంది. కొనేవాళ్ల లాయర్లు ఆర్టికల్స్ ప్రకారమే పంచుతారు. అప్పటికి ఏంజెల్స్‌ని వదులుకోమని బతిమాలడం తప్ప వేరే దారి లేదు. ఒకాయన వదులుకున్నారు, ఇంకొకాయన వదులుకోలేదు. ఆయన్ని తప్పుపట్టలేం, కాగితం ఆయనవైపు ఉంది.

దీన్ని సరిచేయడం ఇప్పుడైతే తేలిక. రెండు పద్ధతులున్నాయి. ఒకటి, సీనియర్‌గారికి విడిగా ఒక ఉప తరగతి సిసిపిఎస్ ఇవ్వడం. ఓటు, ఇతర హక్కులన్నీ ఫండ్‌తో సమానం, ఇష్యూ ప్రైస్ మాత్రం 500. రెండు, తరగతి ఒకటే ఉంచి, ప్రిఫరెన్స్ మొత్తాన్ని షేరు ధరతో కాకుండా "ఆ వాటాదారు నిజంగా చెల్లించిన మొత్తం"తో నిర్వచించడం. మీ కంపెనీ సెక్రటరీ ఐసేఫ్ షరతులు చూసి ఏది కుదురుతుందో చెబుతారు. ఒకవేళ ఐసేఫ్ మామూలు ఈక్విటీలోకి మారుతుందని ఉంటే ఈ సమస్యే రాదు. అప్పుడు సీనియర్‌గారికే అసలు రక్షణ పోతుంది కాబట్టి ఆయనకి ముందే చెప్పడం మర్యాద.

ఇది అడగడానికి మొహమాటపడకండి. ఈ విషయంలో ఫండ్ మీ పక్షానే ఉంటుంది. సీనియర్‌గారికి అదనంగా వచ్చే 70 లక్షలు చిన్న అమ్మకంలో ఫండ్‌తో పాటు వరసలో నిలబడతాయి. ఉదాహరణకి 3 కోట్లకే అమ్ముడుపోయి ఇద్దరూ సమాన వరసలో ఉంటే, ఆయన ప్రిఫరెన్స్ 50 లక్షలైనప్పుడు ఫండ్‌కి 2 కోట్ల 57 లక్షలు వస్తాయి, కోటీ 20 లక్షలైతే 2 కోట్ల 14 లక్షలే. ఈ అంకె చూపిస్తే వాళ్ల లాయరే మార్పు రాస్తారు.

ఇంకో మాట, డ్రాగ్-అలాంగ్ క్లాజ్ గురించి. పై లెక్కలో నాన్-పార్టిసిపేటింగ్ ఉన్నా, అమ్మకం ధర మూడున్నర కోట్ల నుంచి 15 కోట్ల దాకా ఎంతైనా ఫండ్‌కి వచ్చేది అవే 3 కోట్లు. 15 దాటాకే 20 శాతం వాటా లాభం. అంటే 4 కోట్ల ఆఫర్, 14 కోట్ల ఆఫర్ వాళ్లకి ఒకటే. మీకు కాదు. 4 కోట్లలో మీకు 50 లక్షలు, 14 కోట్లలో దాదాపు 10 కోట్లు. కాబట్టి మిమ్మల్ని బలవంతంగా అమ్మించే హక్కు ఫండ్‌కి ఉంటే, ఫలానా ధరకి తక్కువైతే ఆ హక్కు చెల్లదనీ, మొదటి కొన్నేళ్లు వాడకూడదనీ రాయించండి.

ఈసాప్ సంగతి కూడా క్లుప్తంగా చెప్తాను. ఫండ్ 10 శాతం పూల్ ప్రీ-మనీలోనే ఉండాలంటే షేరు ధర 1,200 కన్నా తగ్గుతుంది, ఆ తగ్గింపు భారం మీ మీదే పడుతుంది. సీనియర్‌గారి క్యాప్ లెక్కలో ఆ పూల్ షేర్లు కలుస్తాయా లేదా అన్నది ఐసేఫ్‌లో "క్యాపిటలైజేషన్" నిర్వచనం చూస్తే తెలుస్తుంది. అలాగే ప్రిఫరెన్స్ మొత్తానికి "చెల్లించని డివిడెండ్" కలుపుతారు. సిసిపిఎస్ డివిడెండ్ 0.001 శాతం లాంటి నామమాత్రపు అంకె అయితే పర్వాలేదు. 8 శాతం క్యుములేటివ్ అని ఉంటే ఫండ్ అసలు ఏటా 24 లక్షలు పెరుగుతూ పోతుందని అర్థం.

చేయాల్సిన పని ఇదీ. ఒక ఎక్సెల్ షీట్‌లో అడ్డంగా 3, 6, 10, 15, 30 కోట్ల అమ్మకం ధరలు వేసి, నిలువుగా మీ ఇద్దరు, సీనియర్‌గారు, ఫండ్ పేర్లు రాయండి. నేను చూపించినట్టు ప్రతి గడి నింపి ఫండ్‌కి మెయిల్ చేయండి. "మా అవగాహన ఇది, మీదీ ఇదేనా?" అని అడగండి. వాళ్లు సరే అంటే ఆ పట్టికని షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్‌కి అనుబంధంగా పెట్టించండి. తర్వాత ఆర్టికల్స్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు అందులోని వాక్యం ఈ అంకెలే ఇస్తుందో లేదో మళ్లీ వేసి చూసుకోండి.

ఇదంతా టర్మ్ షీట్ దశలోనే చేయాలి. టర్మ్ షీట్ చాలావరకు కట్టుబడి ఉండాల్సిన ఒప్పందం కాదని మీకు చెబుతారు, అది నిజమే. కానీ అందులో ఎక్స్‌క్లూజివిటీ క్లాజ్‌కి మాత్రం మీరు కట్టుబడాలి. సంతకం పెట్టాక ఆ గడువు అయ్యేదాకా వేరే ఇన్వెస్టర్‌తో మాట్లాడకూడదు. అప్పుడు "పార్టిసిపేటింగ్ తీసేయండి" అంటే "ఒప్పుకున్నారు కదా" అంటారు. సీనియర్‌గారికి ఈ రోజే ఫోన్ చేసి ఐసేఫ్ పూర్తి కాపీ తెప్పించుకోండి. అందులో కన్వర్షన్ ఏ షేర్లలోకి అన్న పేరా, "క్యాపిటలైజేషన్" నిర్వచనం వ్యక్తిగత వివరాలు తీసేసి ఇక్కడ పెడితే చూసి చెప్తాను.